గిటారూ కీబోర్డూ ఒకదాన్నొకటి మింగేయకుండా వాయించడం

ప్రశ్న: మా బ్యాండ్‌లో నేను కీబోర్డు, ఫ్రెండ్ అకౌస్టిక్ గిటార్. బేస్ గిటార్, డ్రమ్స్, ఒక మేల్ సింగర్ కూడా ఉన్నారు. విడివిడిగా వాయిస్తే మా ఇద్దరిదీ బాగానే ఉంటుంది, కలిపితే అంతా ముద్దగా వినిపిస్తోంది, సింగర్ గొంతు కూడా మునిగిపోతోంది. పాట జి, ఇ మైనర్, సి, డి కార్డ్స్‌లో ఉంది, నెమ్మదైన పాటే. ఈక్యూ మారిస్తే సరిపోతుందా?

సమాధానం:

ఈక్యూతో సరిపోదు. ముందు మీరు వాయించే చోటు మారాలి. ఎడమ చెయ్యి పూర్తిగా తీసేయండి, కుడి చేతిని ఇప్పుడున్న చోటు నుంచి దాదాపు ఒక ఆక్టేవ్ పైకి జరపండి, మూడు నోట్లు నొక్కే చోట రెండే నొక్కండి, గిటార్ స్ట్రమ్ చేస్తున్నంతసేపూ మీరు కార్డ్‌ని పట్టుకుని ఊరుకోండి. మీ సమస్యలో ఎక్కువ భాగం దీనితోనే తీరుతుంది. మిగతాదంతా ఇది ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నదే.

ఇద్దరూ ఎక్కడ గుద్దుకుంటున్నారో ముందు చూడండి. గిటార్ మామూలు ట్యూనింగ్‌లో అన్నిటికంటే లావు తీగ సుమారు 82 హెర్ట్జ్. మెడ మొదట్లో పట్టుకునే ఓపెన్ కార్డ్స్‌లో అన్నిటికంటే పైన వచ్చే నోటు జి కార్డ్‌లో సన్న తీగ మూడో ఫ్రెట్ మీద ఉండే జి, అది 392 హెర్ట్జ్. మీ కీబోర్డు మిడిల్ సి 262 దగ్గర ఉంటుంది, అంటే సరిగ్గా గిటార్ మధ్యలో. కీబోర్డు ముందు కూర్చుంటే ఎవరి కుడి చెయ్యైనా వెళ్లి వాలేది మిడిల్ సి చుట్టుపక్కలే. అక్కడ మీరు సి, ఇ, జి నొక్కారనుకోండి. ఆ సి గిటార్‌లో రెండో తీగ మొదటి ఫ్రెట్, ఆ ఇ మొదటి తీగ ఓపెన్, ఆ జి అదే తీగ మూడో ఫ్రెట్. మీరు కొత్తగా ఒక్క నోటు కూడా కలపట్లేదు, ఆయన దగ్గర ఉన్నవే మళ్లీ వాయిస్తున్నారు.

అవే నోట్లు రెండుసార్లు వస్తే నష్టమేంటి, నిండుగా ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. రెండూ పక్కాగా ఒకే శ్రుతిలో ఉంటే కొంతవరకు నిజమే. కానీ గిటార్ అలా ఉండదు. గట్టిగా స్ట్రమ్ చేసినప్పుడు తీగ ఒక్క క్షణం శ్రుతి పైకి లేస్తుంది, ఫ్రెట్ మీద వేలు గట్టిగా నొక్కితే ఇంకాస్త లేస్తుంది. కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మీ సి 262 దగ్గరా ఆయన సి 264 దగ్గరా ఉంటే సెకనుకు రెండుసార్లు ఆ శబ్దం పెరిగి తగ్గుతూ ఊగుతుంది. ఒక నోటు ఊగితే తెలియకపోవచ్చు. మూడు నాలుగు నోట్లు తలో వేగంతో ఊగుతుంటే మన చెవికి అది కార్డ్‌లా కాదు, ముద్దలా వినిపిస్తుంది. పైగా మగ గొంతు ఎక్కువగా పాడే చోటు కూడా అదే, మిడిల్ సికి ఒక ఆక్టేవ్ కింద నుంచి దాని పైనున్న జి దాకా. అందుకే మీ సింగర్ మునిగిపోతున్నాడు. ఆయన వాల్యూమ్ పెంచమంటాడు, మీరు వినపడట్లేదని మీదీ పెంచుతారు, గిటారిస్టు తనదీ పెంచుతాడు. రిహార్సల్ మొదట్లో కంటే చివర్లో అందరి వాల్యూమ్ పెరిగి ఉందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఎడమ చెయ్యి సంగతి ఇంకా తేలిక. బేస్ గిటార్ ఉన్న బ్యాండ్‌లో మీరు ఎడమ చేత్తో జి ఆక్టేవ్ నొక్కితే అందులో పైనున్న జి గిటార్ లావు తీగ మూడో ఫ్రెట్‌లో వచ్చే జి ఒకటే, కింది జి బేస్ గిటార్ వాయించేది. ఆ రెండిటికీ ఇప్పటికే మనుషులున్నారు. ఒంటరిగా ప్రాక్టీస్ చేసేటప్పుడు ఎడమ చెయ్యి లేకపోతే చప్పగా ఉంటుంది నిజమే, ఇంట్లో నేర్చుకున్న అలవాటు బ్యాండ్‌లోకి వచ్చేది కూడా అందుకే. మీ భాగం ఒంటరిగా వింటే పల్చగా ఉండాలి. ఒంటరిగా వింటేనే నిండుగా ఉందంటే బ్యాండ్‌లో అది ఎక్కువైనట్టే. బేస్ వాయించేవాళ్లు లేని రోజున మాత్రం ఎడమ చెయ్యి కావాలి, అప్పుడు కూడా ఒక్కో నోటే, ఆక్టేవ్‌లు వద్దు.

ఇప్పుడు మీ పాటే తీసుకుందాం. కార్డ్స్ జి, ఇ మైనర్, సి, డి, ఒక్కోటి ఒక్కో బార్ అనుకుంటాను. చరణంలో మీరు ఇలా నొక్కి చూడండి. మిడిల్ సి పైన వచ్చే ఎ, అంటే 440 హెర్ట్జ్ నోటు, మీ హద్దు. దాని కిందికి దిగకండి.

జి కార్డ్‌కి ఆ ఎ పక్కనున్న బి, దాని పైన డి. ఇ మైనర్‌కి బి అలాగే ఉంచి డిని ఇకి జరపండి. సి కార్డ్‌కి ఇ అలాగే ఉంచి బిని సికి జరపండి. డి కార్డ్‌కి సి నుంచి ఎకి, ఇ నుంచి డికి దిగండి. మళ్లీ జికి వచ్చేటప్పుడు డి అలాగే ఉంటుంది, ఎ మాత్రం బికి వెళ్తుంది. నాలుగు మార్పుల్లో మూడు చోట్ల ఒక్క వేలే కదులుతుంది. గిటార్ ఓపెన్ కార్డ్స్‌లో అన్నిటికంటే పై నోటు జి అని చెప్పాను కదా, మీ అన్నిటికంటే కింది నోటు దాని పక్కనున్న ఎ. అంటే ఇద్దరికీ ఒక్క నోటు కూడా ఉమ్మడిగా లేదు, పైన గీత గీసినట్టు విడిపోయారు.

డి కార్డ్‌లో మీరు ఎఫ్ షార్ప్ వాయించట్లేదని గమనించే ఉంటారు. అది మేజరా మైనరా అని చెప్పే నోటు అదే, దాన్ని కావాలనే వదిలేశాను. గిటార్ డి కార్డ్‌లో సన్న తీగ రెండో ఫ్రెట్ మీద అది ఎలాగూ ఉంది. ఇంకో కారణం, గిటార్ వాయించేవాళ్లకి డి కార్డ్ మీద చిటికెన వేలు మూడో ఫ్రెట్ మీద పెట్టి తీసే అలవాటు చాలా ఎక్కువ. అలా పెట్టినప్పుడు అది డి సస్ ఫోర్, ఎఫ్ షార్ప్ పోయి జి వస్తుంది. అదే సమయంలో మీరు ఎఫ్ షార్ప్ పట్టుకుని ఉంటే, అది ఆక్టేవ్ పైన ఉన్నా సరే, చెవికి గుచ్చుకుంటుంది. ఎ, డి రెండే ఉంటే ఆయన సస్ చేసినా మానేసినా మీకు ఇబ్బంది లేదు. ఈ ఒక్క విషయం రిహార్సల్ ముందు మాట్లాడుకోవడం మేలు: ఎవరు కార్డ్‌కి రంగు కలుపుతారు, ఎవరు మామూలుగా వాయిస్తారు. ఇద్దరూ చెరో రకంగా కలిపితే విడివిడిగా రెండూ బాగుండి కలిపితే తప్పుగా వినిపిస్తుంది, ఎవరిది తప్పో కూడా ఎవరికీ అర్థం కాదు.

ఇక రిథమ్. చోటు విడదీసినా రిథమ్ ఒకటే అయితే పాట ఊపిరాడనట్టే ఉంటుంది, ఈ భాగాన్ని చాలామంది వదిలేస్తారు. మీ ఫ్రెండ్ వాయించే స్ట్రమ్మింగ్ బహుశా అందరూ మొదట నేర్చుకునేదే: కిందికి, కిందికి పైకి, పైకి కిందికి పైకి. దాన్ని ఒకటి అండ్, రెండు అండ్, మూడు అండ్, నాలుగు అండ్ అని లెక్కపెడుతూ నెమ్మదిగా వినండి. ఒకటి మీద తీగ మోగుతుంది, రెండు మీదా దాని అండ్ మీదా మోగుతుంది, మూడు మీద మోగదు, చెయ్యి గాల్లోనే కిందికి వస్తుంది, మూడు అండ్ మీద, నాలుగు మీద, దాని అండ్ మీద మళ్లీ మోగుతుంది. మూడో బీట్ మీద ఖాళీ ఉంది. ఆ స్ట్రమ్మింగ్‌కి ఊపు ఆ ఖాళీ వల్లే వస్తుంది.

చరణంలో ఆ ఖాళీని ముట్టుకోకండి. ఒకటో బీట్ మీద మీ రెండు నోట్లు నొక్కి బార్ అంతా పట్టుకోండి, అంతే. పల్లవిలో పాట పెద్దదిగా అనిపించాలి కదా, అక్కడ పియానో సౌండ్‌తో ఒకటి మీదా మూడు మీదా నొక్కండి. మూడు మీద గిటార్ లేదు, మామూలు డ్రమ్స్ బీట్‌లో చాలాసార్లు అక్కడ కిక్ ఉంటుంది, మీరు కిక్‌తో కలుస్తారు. నోట్లు కూడా పల్లవిలో మూడు చేయవచ్చు: జికి బి, డి, జి. ఇ మైనర్‌కి బి, ఇ, జి. సికి సి, ఇ, జి. డికి ఎ, డి, ఎఫ్ షార్ప్. పైనున్న జి మూడు బార్లు కదలకుండా నిలబడి నాలుగో బార్‌లో ఒక్క మెట్టు దిగి మళ్లీ జికి చేరుతుంది, ఆ చిన్న కదలిక పల్లవికి చాలా అందం ఇస్తుంది. కాకపోతే ఇక్కడ ఎఫ్ షార్ప్ వచ్చింది కాబట్టి పల్లవిలో చిటికెన వేలు పెట్టొద్దని గిటారిస్టుకి చెప్పాలి. ఆయనకి సస్ ఫోరే ఇష్టమైతే మీరు ఎఫ్ షార్ప్ మానేసి ఎ, డి మాత్రమే ఉంచండి.

ఒకరు కదులుతుంటే ఇంకొకరు నిలబడాలి. నేను కొంతకాలం వాయించిన ఒక బ్యాండ్‌లో గిటారిస్టు పల్లవిలో పదహారో నోట్లు స్ట్రమ్ చేసేవాడు, కీబోర్డు మీద ఇంకొకరు ఎనిమిదో నోట్లు టక టక మంటూ వాయించేవారు, వాళ్లకి తోడు డ్రమ్మర్ హైహాట్ కూడా ఎనిమిదో నోట్లే. స్థాయిలు బాగానే విడదీసుకున్నారు, కీబోర్డు చాలా పైన ఉంది, అయినా పల్లవి వచ్చినప్పుడల్లా అలసటగా వినిపించేది. ఎవరి టైమింగూ నూటికి నూరు శాతం కలవదు. మూడు చోట్ల నుంచి దగ్గర దగ్గరగా వచ్చే దెబ్బలు కలిసి ఒక గరగర అయిపోతాయి, మాటల్లోని హల్లులు వినపడవు. కీబోర్డుని ఒకటో బీట్‌కి మాత్రమే పరిమితం చేసి, సింగర్ ఊపిరి తీసుకునే చోట ఒక చిన్న ఫిల్ పెట్టమన్నాం. ఆ ఫిల్స్ కూడా పంచుకున్నారు, మొదటి వరుస తర్వాత కీబోర్డు, రెండో వరుస తర్వాత గిటార్. ఎవరి వాల్యూమూ మార్చకుండానే పాట మాటలు వినపడ్డాయి.

సౌండ్ ఎంపిక కూడా రిథమ్ కిందికే వస్తుంది. పియానో సౌండ్ నొక్కిన వెంటనే తగ్గడం మొదలవుతుంది, కాబట్టి దానంతట అదే గిటార్‌కి చోటిస్తుంది. ప్యాడ్ తగ్గదు, ఉన్నంతసేపూ అలాగే ఉంటుంది, అందుకే ప్యాడ్‌కి ఇంకా తక్కువ నోట్లు, ఇంకా తక్కువ వాల్యూమ్ చాలు. ప్యాడ్‌లో రెండు విషయాలు చూసుకోండి. అటాక్ మరీ నెమ్మదైతే కార్డ్ మారిన చాలాసేపటికి మీ కార్డ్ వినపడుతుంది. నిమిషానికి 84 బీట్ల పాటలో ఒక బార్ మూడు సెకన్ల కంటే తక్కువే, అందులో ఒక సెకను అటాక్‌కే పోతే మీరు ఎప్పుడూ ఆలస్యంగా వస్తున్నట్టు ఉంటుంది. రిలీజ్ ఎక్కువైతే పాత కార్డ్ కొత్త కార్డ్ మీద వేలాడుతుంది. గిటార్ డికి వెళ్లిపోయాక కూడా మీ సి మోగుతూ ఉంటే అది డి సెవెన్ అవుతుంది, మీరు అడగని కార్డ్. సస్టెయిన్ పెడల్ విషయంలోనూ ఇంతే: కొత్త కార్డ్ నొక్కిన క్షణంలోనే పెడల్ వదిలి మళ్లీ తొక్కాలి. గిటార్ స్ట్రమ్మింగ్ ఉన్న పాటలో పెడల్ లేకుండా వేళ్లతోనే పట్టుకోవడం నాకు ఎక్కువ నచ్చుతుంది, శుభ్రంగా ఉంటుంది.

ఇది పనిచేయని సందర్భాలు కూడా చెప్పాలి. మీకు మేల్ సింగర్ కాబట్టి ఎ పైన చోటు ఖాళీగా ఉంది. రేపు ఫీమేల్ సింగర్ వచ్చి పల్లవిలో అదే బి, డి దగ్గర పాడితే మీరు సరిగ్గా ఆమె గొంతు మీద కూర్చున్నట్టవుతుంది, గిటార్‌తో తగువు తీరి సింగర్‌తో మొదలవుతుంది. అప్పుడు నేను ఎక్కువగా చేసేది, ఆమె పాడుతున్నంతసేపూ మిడిల్ సి పక్కనున్న డి ఒక్కటే మెత్తని సౌండ్‌తో పట్టుకోవడం. జిలోనూ డిలోనూ ఆ నోటు ఉంది, ఇ మైనర్ మీద అది సెవెన్త్, సి మీద నైన్త్, నాలుగు కార్డ్స్ మీదా తియ్యగానే ఉంటుంది. గిటార్ ఇలాకాలోకి వచ్చినా ఒక్క నోటే కాబట్టి ముద్ద అవ్వదు. ఆమె వరుస ఆపినప్పుడు పైకి వెళ్లి రెండు నోట్లు వాయించి మళ్లీ కిందికి రావచ్చు.

పియానోయే ముందు నడిపించే పాట అయితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు మధ్య స్థాయి మీది, జరగాల్సింది గిటారిస్టు. ఆయన్ని ఓపెన్ కార్డ్స్ మానేసి పై మూడు తీగలు మాత్రమే వాయించమనండి. మూడో తీగ నుంచి మొదటి తీగ వరకు వరుసగా ఫ్రెట్లు చెప్తున్నాను: జికి 7, 8, 7. ఇ మైనర్‌కి 9, 8, 7. సికి 9, 8, 8. డికి 7, 7, 5. స్ట్రమ్ కాకుండా ఒక్కో తీగ మీటుతూ వాయిస్తే మీ పియానో మీద మెరుపులా కూర్చుంటుంది. ఈ పాటల్లో మీ కుడి చెయ్యి మిడిల్ సి చుట్టూ ఉండవచ్చు, పైకి మాత్రం వెళ్లకండి, ఇప్పుడు ఆ చోటు ఆయనది. ఇద్దరిలో ఎవరు జరగాలన్నది పాటని బట్టి ముందే తేల్చుకోవాలి, వాయిస్తూ వాయిస్తూ సర్దుకుంటాం అనుకుంటే ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు జరుగుతారు.

ఎలక్ట్రిక్ గిటార్ డిస్టార్షన్‌తో ఉంటే ఇంకా కఠినంగా ఉండాలి. డిస్టార్షన్ ప్రతి నోటుకీ పైన బోలెడు ఓవర్‌టోన్స్ పుట్టిస్తుంది, గిటారిస్టు కింది తీగల మీద పవర్ కార్డ్స్ వాయిస్తున్నా పైన చాలా చోటు నిండిపోతుంది. అక్కడ మెత్తని ప్యాడ్ ఎంత పెంచినా వినపడదు. ఆర్గన్ లాంటి స్పష్టమైన సౌండ్‌తో ఒకటో రెండో నోట్లు పైన పట్టుకోవడం, లేదా ఆ భాగంలో పూర్తిగా ఆగిపోవడం, ఈ రెండే దారులు. ఆగిపోవడం కూడా వాయించడంలో భాగమే, తర్వాత మీరు మళ్లీ వచ్చినప్పుడు అందరికీ తెలుస్తుంది.

ఈక్యూ దగ్గరికి ఇప్పుడు రావచ్చు. ఇవన్నీ చేశాక మీ కింది నోటు 440 కాబట్టి, కీబోర్డు చానల్‌లో 200 హెర్ట్జ్ కింద కోసేసినా మీకు ఒక్క నోటు కూడా పోదు, కీల చప్పుడూ ప్యాడ్ బురదా మాత్రమే పోతాయి. అకౌస్టిక్ గిటార్‌ని బేస్ గిటార్ ఉన్నప్పుడు 100 దగ్గర కోస్తే చాలు. ఒకే నోటు ఇద్దరూ వాయిస్తుంటే మాత్రం ఎవరి చానల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ తగ్గించినా ఇద్దరూ పూర్తిగా విడిపోరు, అందుకే దీన్ని చివరికి ఉంచాను.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఫోన్ గది మధ్యలో, సింగర్ ముందు కొంచెం దూరంలో పెట్టి రికార్డు చేయండి. మీ దగ్గర పెట్టుకుంటే మీదే వినపడుతుంది, అది పనికిరాదు. పల్లవి నాలుగుసార్లు వాయించండి: మొదట అందరూ, తర్వాత మీరు లేకుండా, తర్వాత గిటార్ లేకుండా, మళ్లీ అందరూ. మీరు ఆగినప్పుడు పైన వెలుగు తగ్గినట్టు తెలియాలి. గిటార్ ఆగినప్పుడు కదలిక తగ్గినట్టు తెలియాలి. ఎవరు ఆగినా తేడా తెలియకపోతే ఇద్దరూ ఇంకా ఒకే పని చేస్తున్నారు, నోట్లయినా రిథమ్ అయినా ఎక్కడో కలిసి ఉంది. మీరు ఆగగానే సింగర్ మాటలు ఒక్కసారిగా స్పష్టమైతే, మీ నోట్లు ఆయన పాడే నోటుకి మరీ దగ్గరగా ఉన్నాయేమో చూడండి, లేదంటే ప్యాడ్ వాల్యూమ్ సగం చేసి మళ్లీ రికార్డు చేయండి.